కచేరీ వింటూ తాళం తప్పకుండా లెక్కపెట్టడం ఎలా?

విజయవాడ, గుంటూరు సభల్లో కచేరీలకు వెళ్లేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "పాట మొదలవగానే నేనూ తొడమీద తాళం వేస్తాను. రెండు మూడు ఆవర్తనాలు, అంటే తాళం రెండు మూడు చుట్లు తిరిగేదాకా, బాగానే ఉంటుంది. తర్వాత చూస్తే గాయకుడి చెయ్యి ఒకచోట, నా చెయ్యి ఒకచోట. ఎక్కడ తప్పుతున్నాను?"

చాలామంది తప్పేది మధ్యలో కాదు, మొదట్లోనే. పాట మొదటి అక్షరం ఎక్కడ పడితే అక్కడే తాళం మొదలైందనుకుని దెబ్బ వేస్తారు. కర్ణాటక సంగీతంలో ఎన్నో కృతులు తాళం మొదలైన తర్వాత కాస్త ఆగి ఎత్తుకుంటాయి, కొన్ని తాళం కంటే ముందే ఎత్తుకుంటాయి. తాళం మొదలయ్యే చోటు సమం. పాట మొదలయ్యే చోటు ఎత్తుగడ, దీన్నే ఎడుపు అని కూడా అంటారు. ఈ రెంటినీ విడదీసి వినడం వస్తే సగం పని అయిపోయినట్టే. ఇక్కడ ఆది తాళాన్ని పట్టుకుని ఆ పని నేర్చుకుందాం. కచేరీలో ఎక్కువగా వినబడేది అదే. రూపకం, చాపు తాళాలను గుర్తుపట్టడానికి కావలసినంత వరకు చివర్లో చెబుతాం.

కావలసినవి

కుడి చెయ్యి, కుడి తొడ. ఫోన్‌లో ఒక మెట్రోనోమ్ యాప్, ఒక స్టాప్‌వాచ్. మీకు బాగా తెలిసిన ఆది తాళ కృతి రికార్డింగ్ ఒకటి. వీలైతే గాయకుడి చెయ్యి కనబడే వీడియో తీసుకోండి. ఏ పాట తీసుకోవాలో తేలకపోతే త్యాగరాజ పంచరత్న కృతుల్లో ఏదైనా పెట్టుకోండి. అయిదూ ఆది తాళంలోనే ఉన్నాయి కనుక తాళం విషయంలో అనుమానం ఉండదు.

1. చేతికి ఎనిమిది లెక్కలు అలవాటు చేయండి

ఆది తాళం ఒక ఆవర్తనానికి ఎనిమిది లెక్కలు. నాలుగు లెక్కల లఘువు ఒకటి, రెండేసి లెక్కల ద్రుతాలు రెండు. చేత్తో ఇలా:

1 – అరచేత్తో దెబ్బ (ఇదే సమం)
2 – చిటికెన వేలు
3 – ఉంగరపు వేలు
4 – మధ్య వేలు
5 – దెబ్బ
6 – చెయ్యి వెల్లకిలా తిప్పడం (ఉసి)
7 – దెబ్బ
8 – ఉసి

వేళ్లు లెక్కపెట్టేటప్పుడు చిటికెన వేలితోనే మొదలుపెట్టాలి. చూపుడు వేలితో మొదలుపెట్టి లోపలికి వచ్చేవాళ్లు ఉన్నారు. ఒంటరిగా ఉన్నప్పుడు ఇబ్బంది ఉండదు గానీ, వేదిక మీది చేతితో పోల్చి చూసుకునేటప్పుడు గందరగోళమవుతుంది.

మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దగ్గర పెట్టండి. ఒక్కో టిక్కుకు ఒక్కో లెక్క. అప్పుడు ఒక ఆవర్తనం ఎనిమిది సెకన్లు. అయిదు నిమిషాలు అలా వేశాక మెట్రోనోమ్ ఆపేసి, స్టాప్‌వాచ్ నొక్కి, దాన్ని చూడకుండా 15 ఆవర్తనాలు వేయండి. సరిగ్గా రెండు నిమిషాలు పట్టాలి. రెండు మూడు సెకన్ల తేడా ఉంటే ఫరవాలేదు. నిమిషం యాభైకే అయిపోతే మీరు పరిగెత్తుతున్నారు. కొత్తవాళ్లలో ఎక్కువమంది పరిగెత్తేది ఉసి దగ్గరే. దెబ్బకు చప్పుడు ఉంటుంది, ఉసికి ఉండదు. ఆ నిశ్శబ్దాన్ని పూర్తిగా ఉండనివ్వకుండా తర్వాతి దెబ్బకు చెయ్యి దూకుతుంది. దీనికి మందు, ఉసి దగ్గర నోటితో "ఆరు", "ఎనిమిది" అని పలకడం. వారం రోజులు అలా పలికితే తర్వాత పలకనక్కర్లేదు.

కాలితో తాళం వేయకండి. కాలు తనకు తెలియకుండానే మృదంగం దరువు వెంట పోతుంది, లెక్క వెంట ఉండదు. పైగా కాలికి వేళ్ల లెక్క లేదు కాబట్టి మీరు మూడో లెక్కలో ఉన్నారో ఏడో లెక్కలో ఉన్నారో అది చెప్పలేదు.

2. సమం ఎక్కడుందో చూసి పట్టుకోండి

గాత్ర కచేరీలో దీనికి చెవికంటే కన్ను బాగా పనికొస్తుంది. సాధారణంగా గాయకుడికి కుడివైపు మృదంగం, ఎడమవైపు వయొలిన్ కూర్చుంటారు. మీరు వేదికకు ఎదురుగా, నడిమికి కాస్త ఎడమగా, ముందు అయిదారు వరుసల్లో కూర్చుంటే గాయకుడి కుడి తొడ కనబడుతుంది. మరీ ఎడమ చివరకు పోతే మృదంగ విద్వాంసుడు అడ్డు వస్తాడు. తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం లాంటి పెద్ద హాలులో వెనక వరుసల నుంచి చెయ్యి కదలడం కనిపిస్తుంది గానీ ఏ వేలో తెలియదు. తాళం కోసం వెళ్లిన రోజున ముందుగా చేరుకోండి.

పాట మొదలవగానే మీరు తాళం వేయవద్దు. ఒక ఆవర్తనం ఊరికే చూడండి. వేళ్ల లెక్క తాళంలో ఒక్కసారే వస్తుంది కాబట్టి చిటికెన వేలు కనబడగానే "రెండు" అనుకోండి, అక్కడి నుంచి కలవండి. దెబ్బను చూసి కలవాలనుకుంటే పొరపాటు జరుగుతుంది. దెబ్బలు మూడు ఉన్నాయి, అది ఒకటో లెక్కా, అయిదా, ఏడా అన్నది దెబ్బ చెప్పదు.

గాయకుడు ఒక్కో లెక్కను రెండేసి సార్లు వేస్తున్నాడా అన్నది కూడా అప్పుడే చూసుకోండి. దెబ్బ దెబ్బ, చిటికెన వేలు చిటికెన వేలు, ఇలా సాగితే అది రెండు కళల ఆది తాళం, ఆవర్తనానికి పదహారు. నిదానంగా సాగే ప్రధాన కృతుల్లో ఇది తరచుగా ఉంటుంది. మీరు దాన్ని ఒక కళగా వేసుకుంటూ పోతే తప్పు వెంటనే బయటపడదు. ఆయన సమం పడిన ప్రతిసారీ మీ సమమూ పడుతుంది. కానీ మీకు మధ్యలో ఇంకో సమం కూడా పడుతుంది. ఆయన మొదటి ద్రుతం దెబ్బ వేసేటప్పుడు మీరు కొత్త ఆవర్తనం మొదలుపెడుతుంటారు. ఆయన చేతిలో వేళ్లు నడుస్తుండగా మీ చేతిలో ఉసి కనబడిందంటే జరిగింది ఇదే.

3. ఎత్తుగడను వేలితో గుర్తుపెట్టుకోండి

ఈ మెట్టు మీద కాస్త ఎక్కువ సమయం పెట్టండి. తాళం నడుస్తుండగా పల్లవి మొదటి అక్షరం వచ్చేవరకు ఆగి, అది వచ్చిన తర్వాత మీ చేతిలో మొదట పడేది ఏమిటో గమనించండి.

అక్షరమూ దెబ్బా ఒకేసారి పడితే సమ ఎత్తుగడ.

దెబ్బ పడింది, కాస్త ఖాళీ, అక్షరం వచ్చింది, ఆ తర్వాత పడింది చిటికెన వేలు. అంటే పాట సమం తర్వాత అర లెక్కకో, ముప్పావు లెక్కకో మొదలైంది. అర అయితే అక్షరం సరిగ్గా దెబ్బకూ వేలికీ నడుమ ఉంటుంది. ముప్పావు అయితే వేలికి బాగా దగ్గరగా ఉంటుంది.

అక్షరం తర్వాత మొదట పడింది ఉంగరపు వేలు అయితే ఒకటిన్నర ఎత్తుగడ కావచ్చు. ఇలా తాళం మొదలైన తర్వాత పాట మొదలైతే అనాగతం.

అక్షరం ముందు వచ్చి, దాని వెనక సమం దెబ్బ పడితే అతీతం.

ఈ పేర్లు గుర్తులేకపోయినా నష్టం లేదు. "ఈ పాటకు మొదటి మాట తర్వాత చిటికెన వేలు" అని గుర్తుంటే చాలు. ఎందుకంటే మీరు తాళం తప్పినప్పుడు మళ్లీ ఎక్కడానికి అదే మెట్టు. లెక్క పోయిందనిపించిన క్షణంలో చెయ్యి ఆపేయండి, లోపల నడక మాత్రం ఉంచుకోండి. గాయకుడు పల్లవికి తిరిగి రాగానే, మొదటి అక్షరం తర్వాత ఆ వేలుతో కలవండి. తప్పిన చోటే కూర్చుని సరిచేసుకోబోతే అయిదు ఆవర్తనాలు పోతాయి.

అనుపల్లవికి, చరణానికి ఎత్తుగడ ఒక్కోసారి వేరుగా ఉంటుంది. అందుకని తిరిగి కలవడానికి పల్లవినే నమ్ముకోండి.

4. చెయ్యి కనబడకపోతే

రేడియోలో, ఆడియోలో, వయొలిన్ వీణ కచేరీల్లో చూడటానికి చెయ్యి ఉండదు. అప్పుడు సమం వెతకడం ఆపి, ముందు ఆవర్తనం పొడవు పట్టుకోండి.

పల్లవి వరుసను సంగతులతో, అంటే కొద్ది కొద్ది మార్పులతో, మళ్లీ మళ్లీ పాడతారు కదా. పల్లవిలో బాగా వినబడే ఒక అక్షరాన్ని ఎంచుకోండి. అది పడినప్పుడు "ఒకటి" అని మొదలుపెట్టి, సమాన నడకతో లెక్కపెడుతూ, అదే అక్షరం మళ్లీ పడేవరకు వెళ్లండి. మళ్లీ పడిన దాన్ని లెక్కలో కలపకూడదు, అది కొత్త "ఒకటి". సమం ఎక్కడున్నా, ఎత్తుగడ ఏదైనా ఈ దూరం మారదు. అందుకే ఈ పద్ధతి నమ్మదగ్గది.

దూరం 8, 16, 32 వస్తే ఆది తాళం అనుకోవచ్చు. 7 లేదా 14 వస్తే మిశ్ర చాపు. 5 లేదా 10 అయితే ఖండ చాపు. 3, 6 లేదా 12 అయితే రూపకం. 24 వస్తే తొందరపడకండి. అది రూపకం కావచ్చు, మూడు ఆవర్తనాల ఆది తాళమూ కావచ్చు. పాటలో ఇంకొక వరుస తీసుకుని మళ్లీ లెక్కపెట్టండి. ఒకసారి 15, ఒకసారి 17 వస్తుంటే తాళం విచిత్రమైనదేమీ కాదు, మీ నడక సమానంగా లేదు. మొదటి మెట్టుకు వెళ్లండి.

ఆది తాళం అని తేలిన తర్వాత సమం కోసం మృదంగం వినండి. అనుపల్లవి, చరణం ముగిసి పల్లవికి వచ్చేటప్పుడు మృదంగంపై చిన్న ముక్తాయి, అంటే ముగింపు పలుకు, పడుతుంది. అది సమానికో, ఎత్తుగడకో చేరుతుంది. రెండు మూడు సార్లు వింటే తేలుతుంది.

5. ముక్తాయి వచ్చినప్పుడు చేతి లెక్క చెదరనివ్వకండి

గాయకుడు అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పన చివర, తాళవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనం చివర ఒక పలుకును మూడుసార్లు చెప్పి ముగిస్తారు. వినేవాడి తాళం తప్పేది ఎక్కువగా ఇక్కడే. పలుకు మొదలైన చోటల్లా చెయ్యి దెబ్బ వేయాలని చూస్తుంది. ఆ పలుకు లెక్కమీద మొదలవ్వాలని లేదు. ఒక చిన్న ముక్తాయిని విడదీసి చూద్దాం.

ఒక కళ ఆది తాళంలో ఒక్కో లెక్కకు నాలుగు మాత్రలు, మొత్తం 32. పలుకు "త ది , గి ణ తొం". నడుమ ఉన్న విరామంతో కలిపి ఆరు మాత్రలు. దీన్ని మూడుసార్లు చెప్పి, ఒక్కో దాని నడుమ ఒక మాత్ర ఖాళీ ఉంచితే 6+1+6+1+6, మొత్తం 20. అంటే అయిదు లెక్కలు. 32లో 20 తీస్తే 12. కాబట్టి మూడు లెక్కలు గడిచాక, నాలుగో లెక్క అయిన మధ్య వేలు దగ్గర ఎత్తుకుంటే సరిగ్గా తర్వాతి సమానికి చేరుతుంది.

ఇప్పుడు చేతిలో ఏమవుతుందో చూడండి. మొదటి "త" మధ్య వేలి మీదే పడింది, హాయిగా ఉంది. రెండో "త" అయిదో లెక్క చివరి మాత్రలో, అంటే ఉసికి ఒక్క మాత్ర ముందు పడుతుంది. మూడో "త" ఏడో లెక్క నడిమిలో, దెబ్బకూ ఉసికీ మధ్య. రెండు, మూడు ఎత్తుకోళ్లూ లెక్కను తప్పించుకునే పడ్డాయి. అది తెలియనివాడు రెండో "త" దగ్గర చెయ్యి ముందుకు జరుపుతాడు, సమం పడేసరికి అతని లెక్క తప్పి ఉంటుంది.

ఇదే పాటకు అర ఎత్తుగడ ఉంటే ముక్తాయి సమానికి కాదు, సమం తర్వాత రెండు మాత్రలకు చేరాలి. అప్పుడు మొత్తం రెండు మాత్రలు వెనక్కి జరుగుతుంది. మొదటి "త" మధ్య వేలు పడిన తర్వాత సగంలో, రెండోది ఆరో లెక్క రెండో మాత్రలో, మూడోది సరిగ్గా చివరి ఉసి మీద. ముక్తాయి పూర్తయ్యేలోపే సమం దెబ్బ పడిపోతుంది. అక్కడ "అయిపోలేదే" అని కంగారుపడకండి, ఆ వెంటనే పల్లవి వస్తుంది.

ఇంట్లో దీన్ని ఇలా సాధన చేయండి. మెట్రోనోమ్‌ను 40 దగ్గర పెట్టండి. చేత్తో తాళం, నోటితో పలుకు. మొదటి మూడు లెక్కలకు "తకధిమి" మూడుసార్లు అనండి, మధ్య వేలు దగ్గర ముక్తాయి ఎత్తుకోండి. సరిగ్గా చెప్పారా లేదా అన్నది తెలుసుకోవడానికి చివరి "తొం" తర్వాత వెంటనే దెబ్బ పడుతోందా చూడండి. దెబ్బకు ముందు ఖాళీ మిగిలితే మధ్యలో ఖాళీ మాత్ర మింగేశారు. దెబ్బ పడ్డాకా మీరింకా చెబుతుంటే "ది" తర్వాత విరామం సాగదీశారు.

6. తని ఆవర్తనం

మృదంగం, ఘటం లేదా కంజీర వంతులవారీగా వాయించుకునే ఈ భాగంలో పాట ఆధారం ఉండదు. వాయింపు దట్టమైన కొద్దీ తాళం వేగం పెరిగినట్టు వినబడుతుంది. పెరిగేది లెక్కల వేగం కాదు, ఒక్కో లెక్కలో పడే దెబ్బల సంఖ్య. నాలుగు ఎనిమిదవుతాయి, కాలప్రమాణం అలాగే ఉంటుంది. నడక మార్చి తిశ్రంలోకి వెళితే లెక్కకు మూడు మాత్రలు వస్తాయి. అప్పుడు లోపల "తకిట తకిట" అనుకుంటూ చెయ్యి మాత్రం పాత వేగంతోనే వేయండి.

ఈ సమయంలో గాయకుడు తప్పకుండా తాళం వేస్తూనే ఉంటాడు, వాయించేవాళ్లకు ఆధారం అదే. మీరు మూడు నాలుగు ఆవర్తనాలకు ఒకసారి ఆ చేతిని చూసి సరిపోల్చుకోండి. ప్రతి లెక్కకూ చూస్తూ ఉంటే మీది లెక్క కాదు, నకలు అవుతుంది. ఎప్పుడూ చూడకపోతే తప్పింది తెలియదు.

చివర కోరువ అనే ముగింపు కూర్పును మూడుసార్లు వాయిస్తారు, గాయకుడు పల్లవి ఎత్తుకుంటాడు. మొదటి అక్షరం తర్వాత మీ చేతిలో ఏ వేలు పడిందో చూసుకోండి. మూడో మెట్టులో గుర్తుపెట్టుకున్న వేలే పడితే తని మొత్తం మీ తాళం నిలిచింది. దీనికి మించిన పరీక్ష వినేవాడికి లేదు.

రూపకం, చాపుల గురించి కొంచెం

రూపకం పుస్తకంలో ద్రుతం, లఘువు కలిపి ఆరు లెక్కలు. కచేరీలో మాత్రం చాలామంది దెబ్బ, దెబ్బ, ఉసి అని మూడుగా వేస్తారు. ఒక్కోదానికి నాలుగు మాత్రలు. ఆది తాళం అలవాటైన చెయ్యి మూడో లెక్క తర్వాత నాలుగోదాన్ని వెతుకుతుంది. వేళ్లు అసలు కదలడం లేదని గమనిస్తే ఆ పొరపాటు జరగదు.

మిశ్ర చాపు మూడూ నాలుగూ కలిసి ఏడు. "తకిట తకధిమి" అని లోపల అనుకుంటూ 1, 4, 6 దగ్గర చెయ్యి కదపండి. ఖండ చాపు "తక తకిట", అయిదు. చాపుల్లో వేళ్ల లెక్క లేదు కాబట్టి తప్పితే ఎక్కడున్నామో చెయ్యి చెప్పదు, నోటిలో పలుకే ఆధారం. కల్యాణి రాగంలో "నిధి చాల సుఖమా" మిశ్ర చాపులోనే ఉంది. ఆ పల్లవిని నాలుగో మెట్టులో చెప్పిన దూరం లెక్కతో ఒకసారి కొలవండి, ఏడుతో భాగించబడే సంఖ్యే రావాలి. రాలేదంటే మూడుకూ నాలుగుకూ నడుమ ఎక్కడో ఆగుతున్నారు.

ఎక్కడ సాధన చేయాలి

పుష్య బహుళ పంచమికి, ఎక్కువగా జనవరిలో వచ్చే త్యాగరాజ ఆరాధనలో పంచరత్నాలను బృందంగా పాడతారు. అయిదు కృతులకూ తాళం మారదు, ఎదురుగా చాలా చేతులు ఒకేసారి కదులుతుంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే అనువైన చోటు దొరకదు. పాటంతా వెంట వెళ్లాలని పెట్టుకోకండి. మొదటి కృతిలో ఎత్తుగడ వేలు మాత్రమే పట్టుకోండి. రెండోదానిలో పల్లవి నుంచి చరణం దాకా నిలవగలరా చూడండి. చరణాల్లో స్వరం, సాహిత్యం ఒకదాని వెంట ఒకటి వస్తుంటే నడక మారినట్టు అనిపిస్తుంది, అక్కడ చిటికెన వేలి మీద దృష్టి పెట్టండి. తొడమీద చప్పుడు వచ్చేలా కొట్టవద్దు. మీ లెక్క అర మాత్ర తప్పినా పక్కవాళ్ల లెక్కను కూడా అది లాగేస్తుంది.